మధ్యాహ్నం పండుకునే పచ్చ లైటు

"ఒరేయ్ అబ్బీ, నీ పచ్చ లైటు పొద్దున బాగానే ఉంటాది. పదిన్నర, పదకొండు అయితే పండుకుంటాంది. మళ్ళా సాయంత్రం ఆవుల్ని కట్టేసే టైముకి లేస్తాది. దానికి ఏమన్నా జబ్బేమో చూడు."

డిసెంబర్ నెలలో మా అవ్వ ఫోన్‌లో చెప్పిన మాటలివి. మా ఈసీఈ బ్రాంచిలో ఇంత శుభ్రమైన ఫాల్ట్ రిపోర్టు నేనింతవరకు చూడలేదు. ఎప్పుడు పోతోంది, ఎప్పుడు వస్తోంది, రోజూ అదే సమయానికా కాదా అన్నీ అందులోనే ఉన్నాయి. అది అర్థం కావడానికి మాత్రం నాకు మూడు వారాలు పట్టింది.

సంగతేమిటంటే, పుట్టపర్తిలో మా అవ్వ పాత మిద్దె ఒక వీధిలో, మామ ఇల్లు దానికి దక్షిణంగా మరో వీధిలో. మ్యాప్‌లో గీత గీస్తే 310 మీటర్లు. పోయిన శ్రావణంలో అవ్వ బాత్రూంలో జారి పడింది. ఫోనేమో ముందు గదిలో. పాలబ్బాయి వచ్చేవరకు గంటసేపు అట్లే ఉండిపోయింది. మామ ఇంటికి వచ్చి ఉండమంటే వినదు. ఫోన్ ఎప్పుడూ దగ్గర పెట్టుకోమంటే అసలే వినదు. బాత్రూంలో, మంచం పక్కన, వంటింట్లో ఒక్కో స్విచ్ పెట్టి, అది నొక్కితే మామ ఇంట్లో గంట మోగాలి. అదీ సమస్య.

వైరు లాగాలంటే మధ్యలో మెయిన్ రోడ్డు. నేనేమో అప్పుడే ఆప్టికల్ కమ్యూనికేషన్ సబ్జెక్టు చదివిన ఉత్సాహంలో ఉన్నాను. పైగా ఒక వార్త నా మనసులో చిన్నప్పటినుంచి ఉండిపోయింది. 2017 డిసెంబర్‌లో, నేను ఏడో తరగతిలో ఉండగా, ఏపీ స్టేట్ ఫైబర్‌నెట్‌తో గూగుల్ వాళ్ళ ఎక్స్ సంస్థ ఒప్పందం కుదుర్చుకుంది. ఫైబర్ తవ్వడం కష్టమైన చోట స్తంభాల మీద, మిద్దెల మీద పెట్టెలు పెట్టి కాంతి కిరణంతో ఇంటర్నెట్ పంపే లింకులు 2,000 మన రాష్ట్రంలో పెడతామని ప్రకటించారు. ఆకాశంలో బెలూన్ల మధ్య మాట్లాడుకోవడానికి వాళ్ళు తయారుచేసిన లేజర్ పరిజ్ఞానాన్నే నేలమీదికి దించారన్నమాట. ఆ పనే తర్వాత తారా అనే పేరుతో కొనసాగింది. గాజుతీగ లేని ఫైబర్ అనుకోండి. అదే కాంతి, గాజుకు బదులు గాలి. మనకు కావలసిన సమస్యలన్నీ ఆ "బదులు" అన్న మాటలోనే ఉన్నాయి.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. గ్రాహంబెల్ 1880లోనే వాషింగ్టన్‌లో ఒక బడి మిద్దె మీది నుంచి సూర్యకాంతి మీద వచ్చిన మాటను 213 మీటర్ల దూరంలోని తన ప్రయోగశాలలో విన్నాడు. నాది దానికంటే వంద మీటర్లు ఎక్కువ. అందుకని కొంచెం గర్వంగానే మొదలుపెట్టాను.

నా సరంజామా చిన్నదే. రెండు వైపులా 5 మిల్లీవాట్ల ఎర్ర లేజర్, ఒక ఫోటోడయోడ్, దాని ముందు ఎండ పడకుండా నల్ల రంగు వేసిన పీవీసీ గొట్టం, ఒక చిన్న మైక్రోకంట్రోలర్. అవ్వ వైపు పెట్టె సెకనుకోసారి "నేనున్నాను" అని ఒక అక్షరం పంపుతుంది. మామ వైపు పెట్టె "వినబడింది" అని జవాబిస్తుంది. జవాబు అందుతున్నంతసేపూ అవ్వ గోడ మీద పచ్చ లైటు వెలుగుతుంది. వరుసగా ముప్పై సెకన్లు అవ్వ వైపు నుంచి ఏమీ రాకపోతే మామ ఇంట్లో బజర్ మోగుతుంది. ఈ ముప్పై సెకన్ల నియమం ముఖ్యం. గంట నొక్కితేనే సందేశం వచ్చేలా కడితే, అవ్వ క్షేమంగా ఉన్నప్పుడూ నిశ్శబ్దమే, లింకు తెగిపోయినప్పుడూ నిశ్శబ్దమే. ఆ రెండు నిశ్శబ్దాలకు తేడా తెలియాలి కదా.

లేజర్లను మనిషి తల కంటే ఎత్తులో, నేలకు సమాంతరంగా బిగించాం. ఊళ్ళో విమానాశ్రయం ఉంది కాబట్టి కిరణం పొరపాటున కూడా ఆకాశం వైపు తిరగకూడదని చీకటి పడ్డాక గురి చూసుకున్నాం. మొదటిరోజు రాత్రి పచ్చ లైటు వెలిగింది. అవ్వ దానికి దణ్ణం పెట్టింది. నేను కాలేజీకి వెళ్ళిపోయాను.

ఆ తర్వాతే పైన చెప్పిన ఫోన్.

ఎండాకాలం కాకపోయినా అనంతపురం వైపు మధ్యాహ్నం ఎండ ఎండే. సర్క్యూట్ వేడెక్కుతోందేమో అనుకున్నాను. కాదంటే ఎండ వెలుతురు ఫోటోడయోడ్‌ను ముంచేస్తోందేమో అనుకున్నాను. సెలవులకు ఊరొచ్చి రెండు వైపులా వచ్చే సిగ్నల్ బలాన్ని రోజంతా రికార్డు చేశాక అసలు సంగతి బయటపడింది. అవ్వ ఇంటి నుంచి మామ ఇంటికి వచ్చే కాంతి రోజంతా నిక్షేపంగా ఉంది. మామ ఇంటి నుంచి అవ్వ ఇంటికి వెళ్ళేది మాత్రం తొమ్మిది నుంచి మెల్లగా జారుతూ పదకొండుకు సున్నా అవుతోంది. నాలుగు తర్వాత మెల్లగా లేస్తోంది.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పుకోవాలి. గాలి ఏ తప్పు చేసినా రెండు దారులకూ సమానంగా చేస్తుంది. మంచు పడితే రెండూ తగ్గాలి. ఒక దారి మాత్రమే పోయిందంటే నేరం గాలిది కాదు, ఒక కొనలో ఉన్న మనదే. పంపే కిరణం సన్నం. చూసే గొట్టం నోరు వెడల్పు. పెట్టె కొంచెం వంగితే దాని చూపు చెడదు, దాని గురి చెడుతుంది.

నా కిరణం ఒక మిల్లీరేడియన్ వెడల్పుతో విచ్చుకుంటుంది. అంటే 310 మీటర్ల అవతల 31 సెంటీమీటర్ల గుండ్రటి వెలుగు, ఇడ్లీ పాత్ర మూతంత. పెట్టె ఒక్క మిల్లీరేడియన్ వంగినా ఆ వెలుగు మొత్తం పక్కకు జరిగిపోతుంది. నేను కాగితమంత పల్చటి అట్టముక్కను పెట్టె వెనక కాలి కింద దూర్చి చూశాను. లింకు పోయింది. తీశాను. వచ్చింది.

మరి మిద్దె మీద అట్టముక్క పెడుతున్నదెవరు? సూర్యుడు. మామ ఇంట్లో పెట్టెను మీటరున్నర ఇనుప పైపు మీద బిగించాను. డిసెంబర్‌లో మన దగ్గర సూర్యుడు దక్షిణం వైపుకు ఒరిగి నడుస్తాడు. పైపు దక్షిణపు చెంప ఎండకు కాగుతుంది, ఉత్తరపు చెంప నీడలో ఉంటుంది. రెండింటి మధ్య 10 డిగ్రీల తేడా ఉందనుకుందాం. ఇనుము డిగ్రీకి పది లక్షల్లో 12 వంతులు సాగుతుంది. మీటరున్నర పైపులో దక్షిణపు చెంప 0.18 మిల్లీమీటర్లు ఎక్కువ సాగుతుంది. గోరు మందం కూడా కాదు. కానీ పైపు వ్యాసం 50 మిల్లీమీటర్లే. ఒక చెంప పొడుగై రెండో చెంప కాకపోతే పైపు ఉత్తరానికి వంగాలి. 0.18ని 50తో భాగిస్తే 3.6 మిల్లీరేడియన్లు. అవ్వ ఇల్లు ఉన్నది ఉత్తరానే. కిరణం తల వంచుతుంది. 310 మీటర్ల అవతల అది 1.1 మీటర్ల కిందికి దిగాలి.

నమ్మబుద్ధి కాలేదు. మధ్యాహ్నం పన్నెండుకు ఇంకో ఫోటోడయోడ్ పట్టుకుని అవ్వ మిద్దె మీద పిట్టగోడ వెంట కిందికి వెతికాను. మామూలుగా నా తలపైన ఉండాల్సిన వెలుగు నా ఛాతీ దగ్గర దొరికింది. మీటరుకు కాస్త అటూ ఇటూ. కాగితం మీది లెక్క గోడ మీద కనబడితే కలిగే ఆనందం వేరు. అవ్వ వైపు పెట్టె ఎందుకు వంగలేదంటే, దానికి దక్షిణాన నీళ్ళ ట్యాంకు అడ్డం ఉంది. ఆ పైపు రోజంతా నీడలోనే.

మందు రెండు రకాలు. పైపు తీసేసి, మెట్లగది గోడకు ముప్పై సెంటీమీటర్ల పొట్టి ఇనుప బ్రాకెట్ వేసి, దానికి నీడ కట్టాం. పొడుగు అయిదో వంతయితే వంపూ అయిదో వంతే. రెండోది, లేజర్ కటకాన్ని కొంచెం సడలించి కిరణాన్ని ఒకటి నుంచి నాలుగు మిల్లీరేడియన్లకు విప్పాను. ఇప్పుడు వెలుగు మీటరుంపావు వెడల్పు. కాస్త వంగినా, గాలికి ఊగినా, కోతి వచ్చి బ్రాకెట్ మీద చెయ్యి వేసినా తట్టుకుంటుంది. అయితే ఇది ఉచితం కాదు. నాలుగు రెట్లు వెడల్పంటే పదహారు రెట్ల వైశాల్యం. ఫోటోడయోడ్ మీద పడే కాంతి పదహారో వంతుకు, అంటే 12 డెసిబెల్స్ పడిపోయింది. తారా లాంటి పెద్ద పెట్టెల్లో ఈ ఖర్చు పెట్టరు. కిరణాన్ని సన్నగానే ఉంచి, లోపల అద్దాలను క్షణక్షణం కదిలిస్తూ అవతలి పెట్టె నుంచి వచ్చే వెలుగును వెంటాడతారు. స్తంభం ఊగినా చూపు ఊగదు. నా దగ్గర అంత డబ్బు లేదు కాబట్టి నేను వెలుతురుతో చెల్లించాను.

పచ్చ లైటు పండుకోవడం మానింది. కానీ ఇప్పుడు మధ్యాహ్నమైతే కన్ను కొట్టడం మొదలుపెట్టింది.

"నిద్ర పట్టని పిల్లోడి మాదిరి మిటకరిస్తాంది," అంది అవ్వ.

ఈసారి రికార్డు వేరేలా ఉంది. రెండు దారులూ ఒకేలా అల్లాడుతున్నాయి. సగటు బలం తగ్గలేదు. కానీ సెకనులో ఎన్నోసార్లు పైకీ కిందికీ ఎగురుతోంది. తెల్లారి ఎండెక్కకముందు దాదాపు లేదు. పదకొండు నుంచి నాలుగు వరకు విపరీతం. సూర్యుడు దిగే ముందు మళ్ళీ నిలకడ. నేల, గాలి ఒకే వేడికి వచ్చే ఆ రెండు పూటలే మంచి సమయం.

రెండు మిద్దెల మధ్య వరసగా రేకుల ఇళ్ళున్నాయి. మా కిరణం వాటి మీద మీటరున్నర ఎత్తులో పోతుంది. కాగిన రేకుల మీది నుంచి వేడిగాలి బుడగలు బుడగలుగా లేస్తుంది. వేడిగాలి, చల్లగాలి కాంతిని వేర్వేరుగా వంచుతాయి కాబట్టి ఒక్కో బుడగ బలహీనమైన కటకంలా పనిచేస్తుంది. ఎండలో నీళ్ళ తొట్టి అడుగున వెలుగు గీతలు ఆడుతుంటాయి చూశారా, మా ఫోటోడయోడ్ ఉన్న చోట కాంతి అచ్చం అట్లాగే మచ్చలుగా విడిపోయి ఆడుతుంది. నక్షత్రాలు మిణుకుమనడమూ ఇదే. పుస్తకంలో దీని పేరు సింటిలేషన్.

ఆ మచ్చ ఎంత పెద్దదో ఉజ్జాయింపుగా చెప్పవచ్చు. కాంతి తరంగదైర్ఘ్యాన్ని దూరంతో గుణించి వర్గమూలం తీయాలి. 650 నానోమీటర్లు, 310 మీటర్లు. వచ్చేది 1.4 సెంటీమీటర్లు. నా ఫోటోడయోడ్ కన్ను మూడు మిల్లీమీటర్లు కూడా లేదు. అంటే అది ఎప్పుడూ ఒకే మచ్చలో కూర్చుని ఉంటుంది. వెలుగు మచ్చ వస్తే పండగ, చీకటి మచ్చ వస్తే పస్తు. ఒక్కో పస్తు కొన్ని మిల్లీసెకన్లు. నేను పంపే వేగంలో ఒక అక్షరానికి ఒక మిల్లీసెకను పడుతుంది కాబట్టి తప్పులు ఒకటొకటిగా కాక గుంపులుగా వస్తున్నాయి. అదే సెకనుకు వందకోట్ల బిట్లు పంపే లింకులో పది మిల్లీసెకన్ల పస్తంటే కోటి బిట్లు గాలిలో కలిసినట్టే.

లేజర్ పవర్ పెంచితే సరిపోతుందని నా స్నేహితుడన్నాడు. దాంతో చీకటి మచ్చ కొంచెం తక్కువ చీకటవుతుంది, అంతే. పెంచాల్సింది కన్ను. పుస్తకాల షాపులో పెద్దవాళ్ళు చదువుకునే తొమ్మిది సెంటీమీటర్ల భూతద్దం కొని ఫోటోడయోడ్ ముందు బిగించాను. అద్దం మీద ఒకేసారి నలభై మచ్చల దాకా పడతాయి. కొన్ని వెలుగు, కొన్ని చీకటి. అన్నీ ఒకచోటికి చేరితే సగటు నిలకడగా ఉంటుంది. నలభైమంది చందా వేసుకుంటే ఒకరిద్దరు ఎగ్గొట్టినా భోజనం ఆగనట్టు. పైగా చిన్న కన్నుకు బదులు పెద్ద అద్దం కాబట్టి పట్టే కాంతి కూడా ఎన్నో రెట్లు పెరిగింది. కిరణం విప్పినప్పుడు పోగొట్టుకున్న 12 డెసిబెల్స్ తిరిగొచ్చి ఇంకా మిగిలాయి. ఒక్క జాగ్రత్త, భూతద్దం సూర్యుణ్ణి చూస్తే ఫోటోడయోడ్ కాలిపోతుంది. దక్షిణం చూసే అవ్వ వైపు అద్దానికి పొడుగు గొట్టం, పైన నీళ్ళ ట్యాంకు నీడ ఉన్నాయి కాబట్టి బతికింది.

ఎంత మిగిలిందో కొలవడానికి ఒక చవక పద్ధతి ఉంది. రాత్రి గాలి నిలకడగా ఉన్నప్పుడు నల్ల అట్టల్లో చిన్నా పెద్దా రంధ్రాలు చేసి ఒక్కొక్కటిగా అద్దానికి అడ్డం పెట్టాను. ఆరు మిల్లీమీటర్ల రంధ్రం దాకా లింకు బతికింది, అంతకంటే చిన్నదైతే పోయింది. తొంభైని ఆరుతో భాగించి వర్గం చేస్తే 225. అంటే కాంతి 225వ వంతుకు పడిపోయినా నేను బతుకుతాను. డెసిబెల్స్‌లో సుమారు 23. అది నా పర్సు. వానకు, మంచుకు, దుమ్ముకు ఏదైనా అందులోంచే ఇవ్వాలి.

వాన మన జిల్లాలో అరుదు కాబట్టి భయం లేదనుకోకండి. వానంటే నిజంగానే పెద్ద భయం లేదు. గంటకు 25 మిల్లీమీటర్ల జోరువానలో కిలోమీటరుకు సుమారు 6 డెసిబెల్స్ పోతాయి. నాకు రెండు. అసలు శత్రువు పొగమంచు. చినుకు మిల్లీమీటర్లలో ఉంటుంది, మంచు బిందువు మిల్లీమీటరులో వందో వంతు. అవే నీళ్ళను అంత సన్నటి బిందువులుగా పగలగొడితే వాటి మొత్తం అడ్డం ఎన్నో రెట్లు పెరుగుతుంది. దోసెడు పిండి ముద్దగా ఉంటే అవతలివైపు కనపడుతుంది, గాలిలోకి చల్లితే కనపడదు. ఎరుపు బదులు ఇన్‌ఫ్రారెడ్ వాడితే దాటదా అంటే, దట్టమైన మంచులో దాటదు. ఆ బిందువులు ఆ కాంతి అల కంటే కూడా పెద్దవే.

మంచు ఎంత తింటుందో కంటితోనే చెప్పవచ్చు. కనుచూపు దూరం అంటే వస్తువు, వెనక ఆకాశం మధ్య తేడా నూటికి రెండు పాళ్ళకు పడిపోయే దూరం. నూటికి రెండంటే 17 డెసిబెల్స్. కాబట్టి ఎదుటి మిద్దె మీది ట్యాంకు మంచులో సరిగ్గా మాయమైన క్షణాన లింకు 17 డెసిబెల్స్ పోగొట్టుకున్నట్టు. దూరం ఎంతైనా ఇదే లెక్క. నా పర్సులో 23 కాబట్టి ట్యాంకు మాయమైనా నేను బతుకుతాను. కనుచూపు 230 మీటర్లకు తగ్గిందంటే పోతాను.

సంక్రాంతికి రెండు రోజుల ముందు, మామ ఇంట్లో పొద్దున ఆరూ నలభైకి బజర్ మోగింది.

పరుగెత్తి మిద్దెక్కాను. చిత్రావతి వైపు నుంచి తెల్లటి మంచు ఊరంతా కప్పింది. ట్యాంకు లేదు. సరే. దాదాపు 200 మీటర్ల దూరంలో ఉండే వేపచెట్టూ లేదు. రికార్డు చూశాను. ఇరవై నిమిషాలుగా రెండు దారులూ చెట్టపట్టాలేసుకుని మెల్లగా దిగి, కలిసి పోయాయి. వంపు కాదు, మిణుకు కాదు. ముమ్మాటికీ మంచే. లెక్క ప్రకారం 26 డెసిబెల్స్, ఉన్నవి 23. నేను రాసుకున్న సూత్రం నిజమైంది. ఒక్క క్షణం సంతోషంగా కూడా అనిపించింది.

అప్పుడు మామ కిందినుంచి అరిచాడు. "లింకు పోయిందని తెలుసు లేరా. అవ్వ ఎట్లుందో నీ గ్రాఫ్ చెప్తాందా?"

చెప్పదు. అవ్వకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. బండి తీస్తే మంచులో ఏమీ కనపడదని నడిచి, సగం దూరం పరుగెత్తి వెళ్ళాను. ఆ 310 మీటర్లు అంత పొడుగని ఎప్పుడూ తెలియలేదు. తలుపు తోస్తే అవ్వ పొయ్యి ముందు కూర్చుని కాఫీ కాస్తోంది. ఫోన్ ఎప్పటిలాగే ముందు గదిలో.

"ఏంరా, ఇంత పొద్దున్నే వచ్చినావు? నీ లైటు ఆరిపోయిందని నాకు తెలుసు. మంచు కదా, దానికీ కనపడలేదేమోలే అనుకున్యా."

ఆ కాఫీ తాగుతున్నప్పుడే నిర్ణయించుకున్నాను. కాంగో నది మీద బ్రాజవిల్, కిన్షాసా నగరాల మధ్య తారా వాళ్ళు 4.8 కిలోమీటర్ల లింకు వేసి, 2021లో ఫలితాలు చెప్పారు. 20 రోజుల్లో దాదాపు 700 టెరాబైట్లు, 99.9 శాతం సమయం పనిచేసింది. లేదంటే ఫైబర్ నాలుగు వందల కిలోమీటర్లకు పైగా చుట్టి రావాలి. గొప్ప ఫలితమే. కానీ 20 రోజుల్లో 0.1 శాతమంటే దాదాపు 29 నిమిషాలు. వీడియో చూసేవాడికి అది ఏమీ కాదు. బాత్రూంలో పడ్డ అవ్వకు ఆ 29 నిమిషాలు ఏ రోజున వస్తాయన్నదే ముఖ్యం. పైగా తప్పిన నిమిషాలు అక్కడొకటి ఇక్కడొకటి చల్లినట్టు రావు. మంచు పడ్డ పొద్దున ఒక్కసారిగా వస్తాయి.

అందుకే పక్కన రేడియో పెట్టాను. 865-868 మెగాహెర్ట్జ్, లైసెన్సు అక్కర్లేని బ్యాండు. దాని అల పొడవు 35 సెంటీమీటర్లు, మంచు బిందువు దానికి లెక్కే కాదు. వేగం చాలా తక్కువ, కానీ "నేనున్నాను" అనడానికి వేగమెందుకు? కాంతి పోతే రేడియో అందుకుంటుంది. రెండూ పోతేనే బజర్.

"మరి మొదటే రేడియో పెట్టుంటే సరిపోయేది కదప్పా," అన్నాడు మామ.

గంట కోసమైతే సరిపోయేది. ఆ మాట ఒప్పుకోవడానికి కొంచెం కష్టంగానే ఉంది. కానీ వచ్చే సెలవుల్లో అవ్వ ఇంట్లో కెమెరా, మనవళ్ళతో వీడియో కాల్ పెట్టాలనుకుంటున్నాను. దానికి ఆ రేడియో చాలదు, వెలుతురు కావాలి. వెలుతురును నమ్ముకుంటే ఎప్పుడు కళ్ళు మూస్తుందో ముందే తెలిసి ఉండాలి.

ఇప్పుడు అవ్వ గోడ మీద రెండు లైట్లు. కాంతి నడుస్తుంటే పచ్చ, రేడియో నడుస్తుంటే పసుపు. మొన్న ఫోన్ చేసి అడిగాను, లైట్లు ఎట్లున్నాయని.

"పొద్దున పసుపుది వెలిగింది రా. కిటికీ తీయకుండానే తెల్సింది, బయట మంచని. శాలువా కప్పుకుని పోయినా పాలకి."